ఒక్క కుండపోత, రెండు లెక్కలు

అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాలో 1968-72 మధ్య వాతావరణ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అనువైన మేఘాలు పట్టిన రోజున విమానం ఒక మేఘంలోకి దూరేది. కొన్ని రోజులు అందులో సిల్వర్ అయొడైడ్ రజను చల్లేవారు, కొన్ని రోజులు ఏమీ చల్లకుండా ఊరికే వెళ్లి వచ్చేవారు. ఏ రోజు చల్లాలో నిర్ణయించింది శాస్త్రవేత్తలు కాదు, చీటీ వేసినట్టు జరిగిన ఎంపిక. మందు వెళ్లిందో లేదో పైలట్‌కు కూడా తెలియనిచ్చేవారు కాదు. ఆ తర్వాత ఆ మేఘం ఎంత వాన కురిసిందో రాడార్‌తో కొలిచేవారు. అలా 52 రోజుల లెక్క చేతికొచ్చింది. మందు చల్లిన మేఘాలు 26, చల్లనివి 26.

మన దగ్గర దీన్నే మేఘమథనం అన్నారు. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం వంటి కరవు ప్రాంతాల ఆకాశంలో ఇలాంటి విమానాలు తిరిగాయి. అప్పుడు రైతు అడిగిన ప్రశ్నే ఫ్లోరిడా శాస్త్రవేత్తలదీ: మందు చల్లితే వాన నిజంగా పెరుగుతుందా? జొయాన్ సింప్సన్, మరో ఇద్దరు పరిశోధకులు 1975లో ప్రచురించిన ఆ 52 అంకెలు ఈనాటికీ గణాంకశాస్త్ర తరగతుల్లో తిరుగుతున్నాయి. కారణం వాన ఒక్కటే కాదు. రెండు చిన్న గుంపులను పోల్చేటప్పుడు ఏ పరీక్ష వాడాలి, ఎందుకు వాడాలి అన్న చిక్కు వాటిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

వాన కొలతలు ఎకరా-అడుగుల్లో ఉన్నాయి. ఎకరం నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు. మందు చల్లని 26 మేఘాల సగటు 164.6. చల్లిన వాటి సగటు 442. అంటే రెండున్నర రెట్లకు పైమాటే. ఇంకేం, తేలిపోయింది కదా అనిపిస్తుంది.

అయితే ఆ సగటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. చల్లని మేఘాల్లో ఒకటి 1,202.6, మరొకటి 830.1 ఎకరా-అడుగులు కురిశాయి. ఆ గుంపు మొత్తం వానలో దాదాపు సగం ఈ రెండింటిదే. మిగిలిన వాటిలో చాలా భాగం వంద కూడా దాటలేదు, ఒకటైతే ఒక్క ఎకరా-అడుగుతో సరిపెట్టింది. 26 మేఘాల్లో 20 సగటు కంటే తక్కువే కురిశాయి. చల్లిన గుంపులోనూ అంతే, 20 మేఘాలు సగటుకు దిగువనే ఉన్నాయి. అక్కడ పై మూడు మేఘాలే సగానికి పైగా వాన కురిశాయి, అన్నిటికంటే పెద్దది 2,745.6. అంకెలను వరుసగా గీత మీద గుర్తిస్తే చుక్కలన్నీ ఎడమ కొసన గుంపుగా చేరి, కుడివైపు పొడవాటి తోక సాగుతుంది. గణాంకశాస్త్రం దీన్ని అసౌష్ఠవం అంటుంది.

ఇది ఒక చిక్కు. రెండోది అసమానత. సగటు చుట్టూ అంకెలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం చల్లని గుంపులో 278, చల్లిన గుంపులో 651. ఒక గుంపు చెదురు రెండో దానికి రెండింతలకు మించింది. కొలతలు ఒక పక్కకు సాగి ఉన్నాయి, రెండు గుంపుల చెదురూ సమానంగా లేదు, పైగా గుంపులు చిన్నవి. వైద్యంలో, వ్యవసాయంలో, ప్రయోగశాలలో రోజూ ఎదురయ్యే పరిస్థితి ఇదే.

ఇక్కడ అందరి చేయీ ముందుగా వెళ్లేది టీ పరీక్ష మీదికి. దాని మూలం డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో ఉంది. అక్కడ పనిచేసిన విలియం గాసెట్ చిన్న నమూనాల నుంచి తీసిన సగటును ఎంతవరకు నమ్మవచ్చో లెక్కకట్టి, 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించారు. పరీక్షలోని ఆలోచన సరళమైనది. రెండు సగటుల మధ్య తేడాను పైన పెట్టి, ఆ తేడాలో ఉండగల ఊగిసలాటను కింద పెట్టి భాగిస్తారు. కొలతలన్నీ గంట ఆకారంలో, సగటుకు రెండు వైపులా సమంగా పరుచుకున్న నార్మల్ విభాజనం నుంచి వచ్చాయన్నది దాని ఊహ. ఆ ఆకారాన్ని సగటు, విచలనం అనే రెండు పరామితులతో పట్టుకుంటుంది కాబట్టి ఇలాంటి వాటిని పారామెట్రిక్ పరీక్షలు అంటారు.

ఫ్లోరిడా మేఘాలకు ఆ భాగహారం చేస్తే తేడా 277.4, ఊగిసలాట 138.8, భాగఫలం సుమారు 2. దాని పీ విలువ 0.05కు పిసరంత పైన నిలుస్తుంది. మందు వల్ల ఏ మార్పూ లేదనుకుంటే, కేవలం చీటీల ఎంపిక వల్లే ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ కనిపించే అవకాశం నూటికి అయిదు అని దాని అర్థం. అవునని గట్టిగా అనలేం, కాదనీ అనలేం.

ఇప్పుడు ఒక చిన్న మార్పు చేసి చూద్దాం. మందు చల్లిన మేఘాల్లో పెద్దది 2,745.6కు బదులు 5,000 ఎకరా-అడుగులు కురిసిందనుకుందాం. మందుకు అనుకూలంగా సాక్ష్యం బలపడాలి కదా? చల్లిన గుంపు సగటు 442 నుంచి 529కి ఎగబాకుతుంది. కానీ టీ పరీక్ష ఫలితం 2 నుంచి 1.76కు పడిపోతుంది, పీ విలువ 0.09 చేరువకు పెరుగుతుంది. మందు చల్లిన మేఘం ఎక్కువ కురిసినకొద్దీ, మందు పనిచేసిందన్న నమ్మకం తగ్గిందన్నమాట.

ఇందులో మాయ లేదు. ఆ ఒక్క మేఘం సగటును కొంత లేపింది, చెదురును అంతకంటే ఎక్కువ లేపింది. విచలనం లెక్కలో ప్రతి దూరాన్నీ వర్గం చేస్తారు కాబట్టి దూరపు అంకె బరువు విపరీతంగా పెరుగుతుంది. పైనున్న అంకె కంటే కిందున్న అంకె వేగంగా పెరగడంతో భాగఫలం తగ్గింది. వందల కొలతలు ఉంటే ఒక్క అంకెకు ఇంత పెత్తనం ఉండదు. పాతిక కొలతల్లో ఉంటుంది, పదింటిలో మరీ ఉంటుంది.

ర్యాంకుల పరీక్ష పుట్టింది ఇలాంటి ఇబ్బందిని దాటడానికే. ఫ్రాంక్ విల్కాక్సన్ వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త, అమెరికన్ సయనమిడ్ కంపెనీలో పురుగుమందుల మీద పనిచేశారు. 1945లో ఆయన ప్రచురించిన చిన్న వ్యాసంలో మొదటి ఉదాహరణ ఈగల మందు. రెండు రకాల మందును చెరి ఎనిమిది సార్లు ప్రయోగిస్తే నూటికి ఎన్ని ఈగలు చచ్చాయన్నది కొలత. ఆయన ఆ పదహారు కొలతలను కలిపి, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు ర్యాంకులు ఇచ్చి, ఒక్కో మందు ర్యాంకులను కూడారు. ఒకదానికి 91, రెండోదానికి 45 వచ్చాయి. రెండు మందులూ ఒకటే అయితే ఇంత ఎడం ఎంత అరుదో లెక్కవేశారు. రెండేళ్ల తర్వాత మాన్, విట్నీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఇదే పరీక్షను మరో దారిలో నిర్మించారు. అందుకే దీనికి ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

ర్యాంకు సంగతి ఎంసెట్ రాసిన ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మొదటి ర్యాంకుకూ రెండో ర్యాంకుకూ మధ్య అర మార్కు తేడా ఉన్నా, పది మార్కుల తేడా ఉన్నా ర్యాంకు మారదు. ఆ గుడ్డితనమే ఇక్కడ పనికొస్తుంది. పెద్ద మేఘం 2,745 కురిసినా 5,000 కురిసినా దాని స్థానం 52లో మొదటిదే.

మాన్, విట్నీల దారిలో ఫలితాన్ని అర్థం చేసుకోవడం ఇంకా తేలిక. చల్లిన ప్రతి మేఘాన్నీ చల్లని ప్రతి మేఘంతో జతకట్టాలి. 26ను 26తో గుణిస్తే 676 జతలు. ఒక్కో జతలో ఏది ఎక్కువ కురిసిందో చూడాలి. 978 ఎకరా-అడుగులు కురిసిన మేఘాన్ని తీసుకుంటే, చల్లని వాటిలో ఒక్కటి తప్ప 25 మేఘాలు దానికి దిగువే. 4.1 కురిసిన మేఘానికి దిగువన ఒక్కటే ఉంది. ఇలా కూడుకుంటూ పోతే 473 జతల్లో చల్లిన మేఘానిదే పైచేయి. మందుకు ప్రభావం లేకపోతే సగం, అంటే 338 దగ్గర ఉండాల్సిన లెక్క ఇది. దీని పీ విలువ 0.014. టీ పరీక్ష నూటికి అయిదు అన్నచోట ర్యాంకుల పరీక్ష నూటికి ఒకటిన్నర కంటే తక్కువే అంటోంది. పెద్ద మేఘాన్ని 5,000కు పెంచినా ఈ జవాబు వీసమెత్తు మారదు.

అలాగని అంకెలు వంకరగా ఉంటే ర్యాంకుల పరీక్షే సరైనదని సూత్రం కట్టుకుంటే పొరపాటే. చాలా పరిశోధనా నివేదికలు జారిపడేది ఇక్కడే. మొదటి సంగతి, ఆ రెండు పరీక్షలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు.

ఊహకు రెండు చికిత్సలు తీసుకుందాం. మొదటి చికిత్స పొందిన అయిదుగురు ఆసుపత్రిలో ఉన్న రోజులు 2, 3, 4, 5, 60. రెండోది పొందినవారు 6, 7, 8, 9, 10 రోజులు ఉన్నారు. సగటు చూస్తే మొదటిది 14.8 రోజులు, రెండోది 8. కాబట్టి మొదటి చికిత్సకే పడకలు ఎక్కువ పడతాయి. జతలు చూస్తే 25లో 20 జతల్లో మొదటి చికిత్స రోగే ముందు ఇంటికి వెళ్లాడు. ఒకే అంకెలు రెండు ఎదురు దిక్కులు చూపాయి. ఎన్ని పడకలు, ఎంత ఖర్చు అని చూసే అధికారికి కావాల్సింది మొత్తం, కాబట్టి సగటు. ‘నాకు ఏది మేలు’ అని అడిగే రోగికి చాలామటుకు అక్కరకొచ్చేది జతల లెక్క. ఏ పరీక్ష అన్న ప్రశ్నకు ముందు ఎవరి ప్రశ్న అన్నది తేలాలి.

మేఘాలకూ ఇది వర్తిస్తుంది. చెరువు నిండాలనుకునే వాడికి మొత్తం నీరు కావాలి. ఒక్క కుండపోత ఇరవై జల్లుల పెట్టు అయితే దాన్ని ఒకటో ర్యాంకు అని రాసి పక్కన పెట్టడం అతనికి న్యాయం కాదు. ర్యాంకుల పరీక్ష వాన పెరిగినట్టుందని చెబుతుంది, ఎన్ని ఎకరా-అడుగులు పెరిగిందో చెప్పదు.

రెండో సంగతి, అసమానమైన చెదురు ర్యాంకులనూ వదలదు. ‘ఈ పరీక్షకు ఏ ఊహలూ అక్కర్లేదు’ అన్న మాట పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది, అది నిజం కాదు. తేడా లేనప్పుడు రెండు గుంపులూ ఒకే ఆకారంలో, ఒకే వెడల్పులో ఉంటాయన్న ఊహ మీదే దాని పీ విలువ నిలబడింది. మధ్యగతాలు సమానమై, ఒక గుంపు మాత్రం మరీ చెదిరి ఉంటే ఆ పీ విలువ మాట తప్పుతుంది. చిన్న గుంపే ఎక్కువ చెదిరి ఉంటే లేని తేడాను ఉన్నట్టు చూపడం పెరుగుతుంది, పెద్ద గుంపు చెదిరి ఉంటే ఉన్న తేడా దాగిపోతుంది.

పాత టీ పరీక్షలో ఇదే జబ్బు మరింత ముదురు. అది రెండు గుంపుల చెదురునూ కలిపి ఒకే అంకెగా మారుస్తుంది. 10 మంది ఉన్న గుంపులో విచలనం 4, 40 మంది ఉన్న గుంపులో 1 అనుకుంటే, తేడాలోని అసలు ఊగిసలాట 1.27. కలిపి లెక్కకట్టిన పరీక్ష మాత్రం 0.69 అనుకుంటుంది. ఊగిసలాటను సగానికి కాస్త పైన లెక్కేసుకున్న పరీక్ష, గాలివాటు తేడాను పెద్ద తేడాగా చూస్తుంది. బ్రిటన్‌కు చెందిన బి.ఎల్. వెల్చ్ దీనికి మందు చెప్పారు. రెండు చెదురులనూ కలపకుండా దేనిది దానికి లెక్కకట్టి, తీర్పు గీతను ఆ మేరకు సవరించడమే ఆ పద్ధతి. ఎక్సెల్‌లో `T.TEST` వాడేవారు చివరి అంకెగా 2 ఇస్తే పాత పరీక్ష, 3 ఇస్తే వెల్చ్ పరీక్ష జరుగుతుంది. ర్యాంకుల వైపు ఇలాంటి సవరణను బ్రన్నర్, ముంజెల్ 2000లో ఇచ్చారు. జతల లెక్కే కావాలి, చెదురు మాత్రం సమానంగా లేదు అన్నప్పుడు అది మేలు. వెల్చ్ పరీక్ష అసమానతను సరిచేస్తుంది గానీ పొడవాటి తోకను కత్తిరించదు. మేఘాల లెక్కలో వెల్చ్ పరీక్ష కూడా 0.054 దగ్గరే ఆగింది. ఫ్లోరిడాలో గుంపులు రెండూ 26 కావడం ఒక రక్షణ. గుంపులు సమానంగా ఉంటే చెదురులో తేడా చేసే చెరుపు చాలా తగ్గుతుంది.

మూడో సంగతి మరీ చిన్న గుంపులది. ప్రయోగశాలల్లో మూడు ఎలుకలను మూడు ఎలుకలతో పోల్చడం మామూలే. ఆరు ర్యాంకులను మూడేసి చొప్పున పంచడానికి దారులు 20 మాత్రమే. ఒక గుంపులోని మూడూ రెండో గుంపులోని మూడింటికంటే పెద్దవైనా, ఎదురు దిక్కును కూడా కలుపుకుంటే పీ విలువ 20లో 2, అంటే 0.10. అంతకంటే కిందికి అది దిగదు. మందు ఎంత అద్భుతంగా పనిచేసినా 0.05 గీతను ఆ పరీక్ష దాటలేదు. నలుగురిని నలుగురితో పోలిస్తే 70 దారులు, అప్పుడు మాత్రమే 0.03 దాకా దిగే వీలుంది. మూడేసి కొలతలకు ర్యాంకుల పరీక్ష చేసి ‘తేడా కనిపించలేదు’ అని రాసిన నివేదిక ఏమీ చెప్పనట్టే లెక్క.

మరి ఫ్లోరిడా మేఘాలకు దారేది? సింప్సన్ బృందం వాన స్వభావాన్నే ఆధారం చేసుకుంది. సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు మేఘంలో ఉంటాయి. సిల్వర్ అయొడైడ్ తగలగానే అవి మంచుగా మారి వేడిని వదులుతాయి, ఆ వేడికి మేఘం ఇంకా పైకి ఉబుకుతుంది. ఇలా పెరిగే మేఘానికి మందు ఇన్ని ఎకరా-అడుగులని లెక్కగట్టి కలపదు, ఉన్న వానను ఇన్ని రెట్లు చేస్తుంది. చిన్న మేఘానికి చిన్న పెరుగుదల, పెద్ద మేఘానికి పెద్ద పెరుగుదల. గుణింపుతో నడిచే చోట పొడవాటి తోక, అసమానమైన చెదురు కవలపిల్లల్లా కలిసే వస్తాయి. రెండింటి మూలం ఒకటే.

గుణింపును కూడికగా మార్చే సాధనం ఇంటర్ లెక్కల్లో అందరూ చదివిన సంవర్గమానం. 52 అంకెలకూ సహజ సంవర్గమానాలు తీస్తే తోక ముడుచుకుంటుంది. చెదురు సంగతి ఇంకా ఆసక్తికరం: 278, 651గా ఉన్న విచలనాలు 1.64, 1.60 అయిపోతాయి. రెండు చిక్కులూ ఒకే దెబ్బకు విడిపోయాయి. ఇప్పుడు అదే టీ పరీక్ష చేస్తే పీ విలువ 0.014, ర్యాంకుల పరీక్ష చెప్పినంతే. పైగా ర్యాంకులు ఇవ్వలేని జవాబు కూడా వస్తుంది: మందు వానను సుమారు 3.1 రెట్లు చేసింది, అనిశ్చితిని కలుపుకుంటే ఆ రెట్టింపు 1.3 నుంచి 7.7 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ విశాలమైన హద్దులే 52 మేఘాల పరిమితి.

సంవర్గమానానికీ హద్దు ఉంది. కొలతల్లో సున్నా ఉంటే అది పనిచేయదు. అప్పుడు అన్నిటికీ ఒకటి కలిపి ముందుకు పోవడం చాలామంది చేసే పని. కానీ ఒకటి కలిపారా, అర కలిపారా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంటే ఆ జవాబును నమ్మలేం. సున్నాలు ఎక్కువగా ఉన్నచోట ర్యాంకుల వైపు వెళ్లడమే మంచిది.

ఇంకో అలవాటు కూడా మానాలి. ముందు నార్మల్ విభాజనమా కాదా అని ఒక పరీక్ష చేసి, దాని మాట ప్రకారం టీ పరీక్షో ర్యాంకుల పరీక్షో ఎంచుకోవడం చాలా పాఠాల్లో కనిపిస్తుంది. ఎనిమిది, పది కొలతల్లో ఆ ముందస్తు పరీక్షకు వంకరను పసిగట్టే శక్తి అంతంతమాత్రం. అది ‘బాగానే ఉంది’ అన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. కొలత ఎలా పుడుతుందన్న అవగాహనే ఇక్కడ గట్టి ఆధారం. వాన, రక్తంలో ఎంజైములు, ఆసుపత్రి ఖర్చు, సూక్ష్మజీవుల సంఖ్య వంటివి కుడివైపు సాగుతాయని అంకెలు చూడకముందే తెలుసు. కాబట్టి పరీక్షను కూడా అంకెలు చూడకముందే ఎంచుకుని రాసిపెట్టుకోవాలి. మూడు పరీక్షలూ చేసి, 0.051ను దాచి 0.014ను చూపిస్తే ఆ పీ విలువకు దాని అర్థమే పోతుంది.

ఫ్లోరిడా లెక్కకు తీర్పు చెప్పాలంటే ఇంతవరకు చెప్పవచ్చు. ఆ 52 రోజుల్లో, ఆ రకం మేఘాల్లో మందు చల్లినవి ఎక్కువ కురిశాయనడానికి సాక్ష్యం ఉంది. ఒక మేఘాన్ని అటు నుంచి, ఒకదాన్ని ఇటు నుంచి తీసుకుంటే పదింట ఏడుసార్లు చల్లినదే ఎక్కువ కురిసింది. రెట్టింపు ఎంతన్నది మాత్రం 1.3 నుంచి 7.7 దాకా తెరిచే ఉంది. ఇకమీదట పత్రికలోనో నివేదికలోనో ‘సగటున రెండున్నర రెట్లు’ అన్న మాట కనిపిస్తే పాఠకుడు మూడు విషయాలు అడగాలి: ఒక్కో గుంపులో ఎన్ని కొలతలు ఉన్నాయి, మధ్యగతం ఎంత, అన్నిటికంటే పెద్ద అంకెను తీసేస్తే ఆ మాట నిలుస్తుందా.